శ్రవణపురం డైరీ: రోజుకు ఒక కాంతి సంవత్సరం

సెప్టెంబరు 28

ఏడో అధ్యాయం దగ్గర బండి ఆగింది. నేను రాస్తున్న నవల ఒక ముట్టడి కథ. శ్రవణ నక్షత్రం చుట్టూ తిరిగే ఒక రేవు పట్టణం శ్రవణపురం. అభిజిత్ నక్షత్రం నుంచి వచ్చిన నౌకాదళం దాన్ని చుట్టుముడుతుంది. భూమి నుంచి సాయం రావాలి. శ్రవణాన్ని ఎందుకు ఎంచుకున్నానంటే, అది శ్రీవారి జన్మ నక్షత్రం. తిరుపతిలో కూర్చుని నక్షత్రం పేరు ఎంచుకోవాలంటే చేయి ముందు దాని మీదికే పోతుంది. భూమికి 16.7 కాంతి సంవత్సరాల దూరం. అభిజిత్ 25 కాంతి సంవత్సరాలు.

ఏడో అధ్యాయంలో పట్టణాధికారి పద్మ తెర ముందు నిలబడి భూమి మండలితో మాట్లాడుతుంది. "మమ్మల్ని చుట్టుముట్టారు" అంటుంది. "సాయం బయల్దేరింది, ధైర్యంగా ఉండండి" అని అవతలి నుంచి జవాబు. రాసేటప్పుడు బాగుందనిపించింది. మరుసటి రోజు చదివితే ఉప్పు లేని పప్పులా ఉంది. ముట్టడిలో ఉన్న ఊరికి ఫోన్ సిగ్నల్ ఉంటే అది ముట్టడి ఏమిటి? భయమంతా బయటివాళ్లకు తెలిసిందో లేదో తెలియకపోవడంలోనే కదా ఉంది.

ఓడలు కాంతి కంటే వేగంగా పోతాయని మొదటి పేజీలోనే రాసేశాను. ఎంత వేగమో, దాంతో పాటు మాట కూడా పోతుందో లేదో ఎక్కడా రాయలేదు. అందుకే ఏ అధ్యాయానికి ఏది కావాలంటే అది జరిగిపోతోంది. ఈ రోజు రెండు నియమాలు రాసి గోడకు అంటించాను. ఒకటి: నక్షత్రాల మధ్య 'కనుమ' అనే దారి ఉంటుంది, అందులో ఓడ రోజుకు ఒక కాంతి సంవత్సరం దాటుతుంది. అంటే కాంతికి 365 రెట్ల వేగం. రెండు: ఓడ కంటే వేగంగా ఏ కబురూ పోదు. కబురు పోవాలంటే ఎవరో ఒకరు దాన్ని మోసుకుపోవాలి.

తెర సీను మొత్తం కొట్టేశాను.

అక్టోబరు 5

దూరాల పట్టిక వేద్దామని కూర్చున్నాను. భూమి నుంచి శ్రవణం 16.7, అభిజిత్ 25. మరి అభిజిత్ నుంచి శ్రవణానికి ఎంత? ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేసి 8.3 అని రాసుకున్నాను. శత్రువు ఎనిమిది రోజుల్లో వచ్చేస్తాడు, భూమి నుంచి సాయానికి పదిహేడు రోజులు పడుతుంది, లెక్క బలే కుదిరిందనుకున్నాను.

సాయంత్రం పక్కింటి ఫిజిక్స్ సారుకు చూపిస్తే నవ్వారు. "తిరుపతి నుంచి చిత్తూరు ఇంత, తిరుపతి నుంచి కాళహస్తి అంత, తీసివేస్తే చిత్తూరు నుంచి కాళహస్తి వస్తుందా?" అన్నారు. రాదు. ఒకటి పడమటికి, ఇంకొకటి తూర్పుకి. ఆకాశంలోనూ అంతే, రెండూ ఒకే గీత మీద ఉంటే తప్ప తీసివేత పనికిరాదు. మన కంటికి శ్రవణానికీ అభిజిత్‌కూ మధ్య 34.2 డిగ్రీల కోణం ఉంటుంది. రెండు భుజాలు, మధ్య కోణం తెలిస్తే మూడో భుజం ఇంటర్ దాటినవాళ్లు మర్చిపోయే లెక్క. షీట్‌లో ఇలా పెట్టాను:

```
=SQRT(16.7^2+25^2-2*16.7*25*COS(RADIANS(34.2)))
```

14.6 వచ్చింది. అంటే శత్రువు ఎనిమిది రోజుల్లో కాదు, పద్నాలుగున్నర రోజుల్లో వస్తాడు. మొదటి మూడు అధ్యాయాల్లో ఉన్న తేదీలన్నీ పోయాయి. బాధగానే ఉంది కానీ, ఆకాశం వైపు చూసి లెక్క కట్టగల పాఠకుడు ఒక్కడు తగిలినా నా పరువు పోయేది.

అక్టోబరు 11

ఇవాళ కథకు రైల్వే టైంటేబుల్ లాంటిది తయారైంది. దాంతో కథే మారిపోయింది, నేను అనుకోకుండానే.

శత్రు నౌకాదళం అభిజిత్ కనుమలోకి దిగిన రోజును సున్నా అనుకున్నాను. 14.6వ రోజు శ్రవణపురం ముట్టడి మొదలు. పట్టణంలో 33 రోజుల తిండి ఉంది, అంటే 47.6వ రోజుకు గింజ ఉండదు. ముట్టడి మొదలైన గంటలోనే ఒక చిన్న ఓడ తప్పించుకుని భూమికి బయల్దేరిందనుకుందాం. 31.3వ రోజు చేరుతుంది. దళం సిద్ధం కావడానికి మూడు రోజులు. మళ్లీ 16.7 రోజుల ప్రయాణం. సాయం వచ్చేది 51వ రోజున. ఊరు అప్పటికి దాదాపు మూడున్నర రోజులుగా ఆకలితో ఉంటుంది.

మొదట తిండి పెంచేద్దామా అనుకున్నాను. నలభై రోజులు అని రాస్తే అయిపోతుంది కదా. కానీ ఆ మూడున్నర రోజుల లోటే కథ అని కాసేపటికి అర్థమైంది. ఎందుకంటే వకుళ అనే ఒక చిన్న పాత్ర అప్పటికే నా దగ్గర ఉంది. అభిజిత్‌లో వంటశాలలో పనిచేస్తూ భూమికి కబుర్లు పంపే గూఢచారి. దళం బయల్దేరుతున్న సంగతి ఆమెకు అదే రోజు తెలుస్తుంది. ఆమెకు రెండు దార్లు. శ్రవణపురానికి పోతే, శత్రువుతో పాటే చేరుతుంది. అందరిదీ ఒకే వేగం కాబట్టి హెచ్చరికకు అర్థం లేదు. అక్కడ ఆమె అన్న ఉన్నాడు, అదీ సమస్య. భూమికి పోతే 25వ రోజు చేరుతుంది. మూడు రోజుల తయారీ, 16.7 రోజుల ప్రయాణం కలిపితే సాయం 44.7వ రోజున వస్తుంది. తిండి అయిపోవడానికి ఇంకా 2.9 రోజులు ఉండగా.

కాబట్టి వకుళ తన అన్న ఉన్న చోటుకు వీపు తిప్పి, ఎక్కువ దూరం ఉన్న భూమికి పోవాలి. ఆ నిర్ణయం రాయడానికి నాకు ఏ కష్టమూ పడలేదు, లెక్కే రాసిపెట్టింది. ఇదే ఫోన్ ఉన్న కథలో అయితే వకుళ ఒక్క మెసేజ్ కొట్టి మళ్లీ వంటశాలలోకి పోయేది.

అక్టోబరు 19

చేసిన తప్పు ఒప్పుకుంటాను. పదకొండో అధ్యాయంలో పద్మ తల్లి భూమి మీద చావుబతుకుల్లో ఉంటుంది. చివరి చూపు సీను నాకు బాగా ఇష్టం. పద్మను పంపలేను, ముట్టడిలో ఉంది. అందుకని భూమి నుంచి ఒక పెద్దాయన తల్లి మాట మోసుకొచ్చినట్టు రాశాను. సమయం సరిపోక, 'అత్యవసర వేగం'తో అయిదు రోజుల్లో వచ్చాడని ఒక్క వాక్యం పెట్టేశాను. ఒక్క వాక్యమే కదా అని.

రాత్రి బావ వచ్చాడు. కొండ మీదికి టాక్సీ తోలే మనిషి, కథలు వినే ఓపిక ఎక్కువ. చదివి వినిపించాను. తల్లి సీను దగ్గర ఏడుస్తాడనుకుంటే, గ్లాసు కింద పెట్టి అడిగాడు: "ఏమబ్బా, అయిదు రోజుల్లో వచ్చే ఓడ ఉంటే మొదటి రోజే దాంట్లో బియ్యం పంపుండొచ్చు గదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇది మామూలు లోపం కాదు. ముందు పది అధ్యాయాల్లో ఊరు గంజి తాగింది, పిల్లలకు వాటాలు వేసింది, వకుళ అన్నను వదిలేసింది. అదంతా ఎందుకంటే ఓడ పదిహేడు రోజులు పడుతుంది కాబట్టి. పదకొండో అధ్యాయంలో ఒక పెద్దాయన కోసం ఆ అంకె తగ్గితే, ఆ పది అధ్యాయాల కష్టమంతా వెనక్కి పోయి దొంగ కష్టం అయిపోతుంది. తప్పు పదకొండులో చేస్తే దెబ్బ రెండో అధ్యాయానికి తగులుతోంది.

బావ అంతటితో ఆగలేదు. ఘాట్ రోడ్డు సంగతి ఎత్తాడు. పైన గేటు దగ్గర టైము వేసి చీటీ ఇస్తారు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి, ముందే దిగితే ఫైన్. ఎక్కడానికి 28 నిమిషాలు. "వేగంగా వచ్చేస్తే ఏమి చేస్తారో తెలుసునా? చివరి మలుపుల దగ్గర బండి పక్కన ఆపుకొని, టీ తాగి, టైము అయినాక దిగతారు. ఎవుడు ఎంత తొక్కినా కింద గేటు కాడికి అదే టైముకు రావాల. అందుకే నాకు నీ కనుమ అర్థమైంది. నీ పెద్దాయన మాత్రం చీటీ లేకుండా దిగినాడు."

పెద్దాయన సీను తీసేశాను. దాని బదులు తల్లి రాసిన ఉత్తరం ఒక సరుకు ఓడలో వస్తుంది. ఉత్తరంలో తల్లి "వచ్చే ఉగాదికి వస్తావు కదా" అని రాసి ఉంటుంది. అది చదువుతున్నప్పుడు తల్లి ఉందో లేదో పద్మకు తెలియదు, పాఠకుడికి తెలుసు. పదిహేడు రోజుల పాత చేతిరాత అది. పాత సీను కంటే ఇది వంద రెట్లు నయం.

నవంబరు 2

వాన. కపిలతీర్థం జలపాతం పెద్దగా దూకుతోందని అందరూ అటు పోతుంటే, నేను ఫిజిక్స్ సారు వాకిట్లో కూర్చున్నాను. ఆయన నా రెండు నియమాలూ చదివి, "ఇవి చాలవు. దీంతో నీ వకుళ నిన్నటికి కబురు పంపగలదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి గీశారు. కింది నుంచి పైకి కాలం, ఎడమ నుంచి కుడికి దూరం. భూమి మీద ఉన్నవాడికి 'ఇప్పుడు' అంటే ఒక అడ్డగీత. ఆ గీత మీద ఉన్న సంఘటనలన్నీ వాడి లెక్కలో ఒకేసారి జరుగుతున్నాయి. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సంగతేమిటంటే, వేగంగా పోతున్న ఓడలో ఉన్నవాడి 'ఇప్పుడు' గీత అడ్డంగా ఉండదు, వాలుతుంది. ఎంత వాలుతుందో లెక్క కూడా సులువే: ఓడ వేగాన్ని కాంతివేగంలో ఎన్నో వంతో రాసి, దూరంతో గుణిస్తే చాలు. దూరం కాంతి సంవత్సరాల్లో ఉంటే జవాబు సంవత్సరాల్లో వస్తుంది.

"భూమి నుంచి దూరంగా పోతున్న ఓడ ఒకటి శ్రవణం దగ్గర ఉంది. దాని వేగం కాంతిలో 0.6 వంతు. 16.7ను 0.6తో గుణించు." పది. "అంటే ఆ ఓడలోవాళ్లు 'భూమి మీద ఇప్పుడు' అనుకునేది, మన లెక్కలో పదేళ్ల కిందటి భూమి. నువ్వు పంపిన కబురు పదిహేడు రోజుల్లో వాళ్లకు చేరింది. వాళ్లు తమ 'ఇప్పుడు' ప్రకారం నీ కనుమలోనే జవాబు పంపారు. అది ఎప్పుడు చేరుతుంది?"

నేను కాగితం వైపు చూశాను. ప్రశ్న అడగడానికి దాదాపు పదేళ్ల ముందు జవాబు చేరుతుంది.

మామూలు ఓడలకు ఈ తంటా లేదు, ఎందుకంటే కాంతి కంటే నెమ్మదిగా పోయే దేనికైనా వాలు ఎంతున్నా ప్రయాణ సమయం దాన్ని మింగేస్తుంది. కాంతిని దాటగానే మింగడానికి సమయం మిగలదు. నా కథలో దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆలోచించాను. భూమి మండలి వేగంగా పోయే రెండు ఓడలు పెట్టుకుంటే చాలు. ముట్టడి సంగతి పదేళ్ల ముందే తెలుసుకుని, ఆ ఊళ్లో పదేళ్ల తిండి నింపి పెడుతుంది. వకుళ అక్కర్లేదు. పద్మ అక్కర్లేదు. నవలే అక్కర్లేదు.

దీనికి అందరికీ తెలిసిన ఒక దారి ఉంది. కనుమకు ఒకటే పంచాంగం అనుకోవడం: ఓడ ఎంత వేగంతో దిగినా సరే, లోపల రోజుల లెక్క ఒకే గడియారం ప్రకారం నడుస్తుంది. అప్పుడు వాలు ఉన్నా పనిచేయదు, గతానికి కబురు పోదు. సారు దీనికి సరేనన్నారు. కానీ నాకు నచ్చలేదు. ఆ నియమం వల్ల కథలో ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు, ఎక్కడో మూలన కూర్చునే మాట అది. సారు టీ పోస్తూ, "ఇంకో దారి ఉంది. మీ బావను అడుగు" అన్నారు. ఆయనకు ఘాట్ రోడ్డు చీటీ సంగతి నేనే చెప్పాను.

వేగ పరిమితి!

నవంబరు 4

పరిమితి ఎంతో సారే చూపించారు. నా కనుమలో రాను పోను కలిపి కాంతి సంవత్సరానికి రెండు రోజులు. జవాబు ప్రశ్న కంటే ముందు రావాలంటే 'ఇప్పుడు' గీత వాలు ఈ రెండు రోజులను మించాలి. కాంతి సంవత్సరానికి రెండు రోజులంటే 365లో రెండు వంతులు, అంటే కాంతివేగంలో సుమారు 182వ వంతు. సెకనుకు దాదాపు 1,640 కిలోమీటర్లు. దూరం ఎక్కువైతే ప్రయాణమూ పెరుగుతుంది, వాలూ పెరుగుతుంది, కాబట్టి శ్రవణానికైనా అభిజిత్‌కైనా ఇదే అంకె. నక్షత్రాల వల్ల ఇబ్బంది లేదు. శ్రవణం మన సూర్యుడి వైపు సెకనుకు సుమారు 26 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, అంతే.

సంబరంగా గోడ మీద మూడో నియమం రాశాను: సెకనుకు 1,600 కిలోమీటర్లు మించిన ఓడను కనుమ తీసుకోదు.

ఒక గంట తర్వాత సారు నుంచి ఫోన్. "రెండు ఓడలు చెరో దిక్కుకు పోతుంటే?" ఒకటి 1,600తో ఇటు, ఇంకొకటి 1,600తో అటు. వాటి మధ్య వేగం 3,200. పరిమితికి రెట్టింపు. గతానికి కబురు మళ్లీ మొదలు. కాబట్టి ఒక్కో ఓడకు సగమే ఇవ్వాలి. 1,600 కొట్టేసి 800 రాశాను.

నవంబరు 9

ఈ 800 నా కథలో వేలు పెడుతుందని అనుకోలేదు. అధ్యాయం ఆరులో వకుళ అభిజిత్ నుంచి పారిపోయే సీను ఉంది. రేవు నుంచి కనుమ ముఖద్వారం చాలా దూరం, వెనక రెండు పడవలు తరుముతున్నాయి. ఆమె ఓడ సెకనుకు 3,000 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి కనుమలో దూకినట్టు రాశాను. ఇప్పుడు కనుమ ఆమెను తీసుకోదు. 800కు తగ్గాలి.

తగ్గడానికి ఎంతసేపు? లోపల మనిషి ఉంది. భూమి మీద మన బరువంత ఒత్తిడితో బ్రేకు వేస్తే, ప్రతి సెకనుకూ వేగం 9.8 మీటర్లు తగ్గుతుంది. తగ్గాల్సింది 2,200 కిలోమీటర్లు.

```
=2200000/9.8/3600
```

62 గంటలకు పైనే. రెండున్నర రోజులు, వెనక శత్రువు పెట్టుకుని, ద్వారం కంటి ముందు కనబడుతుండగా బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవాలి. ఒకటిన్నర పేజీ ఉన్న సీను ఇప్పుడు ఒక అధ్యాయమైంది. తరిమేవాళ్లకూ ఇదే చిక్కు: వాళ్లు బ్రేకు వేయకపోతే ఆమెను దాటి ముందుకు కొట్టుకుపోతారు, వేస్తే అందుకోలేరు.

సీను సంతోషం ఎంతోసేపు లేదు. టైంటేబుల్ గుర్తొచ్చింది. వకుళ కనుమలోకి దిగేది సున్నా రోజున కాదు, 2.6వ రోజున. భూమికి 27.6. తయారీ, ప్రయాణం కలిపితే సాయం 47.3వ రోజున వస్తుంది. తిండి అయిపోయేది 47.6. మిగిలింది 0.3 రోజు. ఏడు గంటలు.

నేను కావాలని పెట్టిన అంకె ఒక్కటీ ఇందులో లేదు. 33 రోజుల తిండి ఎప్పుడో రాసింది. 3,000 వేగం ఊరికే గొప్పగా ఉంటుందని రాసింది. రెండూ వచ్చి ఏడు గంటల దగ్గర కలుసుకున్నాయి.

నవంబరు 16

ఇవాళంతా తనిఖీ. షీట్‌లో ప్రతి వరుసా ఒక 'తెలుసు': ఏ పాత్రకు, ఏ సంగతి, అది ఎక్కడ ఏ రోజు జరిగింది, కబురుకు ఎన్ని రోజుల దారి, ఏ రోజున తెలిసినట్టు నేను రాశాను. జరిగిన రోజు C, దారి D, తెలిసిన రోజు E.

```
=IF(E2<C2+D2,"తప్పు","సరే")
```

నలభై ఒక్క వరుసల్లో ఆరు తప్పులు దొరికాయి. చిత్రం ఏమిటంటే, ఓడ ప్రయాణాలన్నీ సరిగానే ఉన్నాయి. తప్పులన్నీ మనుషులు తెలుసుకోవడంలో ఉన్నాయి. భూమి నుంచి సాయం బయల్దేరిన రోజునే శ్రవణం దగ్గర శత్రు సేనాపతి "వాళ్లు వస్తున్నారు" అని పళ్లు కొరుకుతాడు. వాడికి ఎవరు చెప్పారు? అందరికంటే ముందు వచ్చే కబురు కూడా ఆ దళంతో పాటే రావాలి. ఇంకోచోట భూమి మండలి అధ్యక్షుడు వకుళ అన్న పేరు చెప్పి మౌనం పాటిస్తాడు. అన్న చనిపోయింది 19వ రోజున, ఆ సభ జరిగింది 28వ రోజున. శ్రవణం నుంచి కబురు ఎంత త్వరగా వచ్చినా 35.7కు ముందు రాదు.

ఈ రెండో తప్పును దిద్దుతుంటే చేయి ఆగింది. 28వ రోజున, దళం బయల్దేరే ముందు, వకుళ భూమి మీద ఉంటుంది. మౌనం ఉండదు. ఆమె ఓడ ఎక్కే సైనికుడి చేతిలో అన్నకు ఒక పొట్లం పెట్టి పంపుతుంది, పులిహోర పొడి. అన్న అప్పటికే తొమ్మిది రోజుల కిందట పోయాడు.

సేనాపతి సీను మాత్రం ఇంకా తేలలేదు. వాడికి ఏమీ తెలియకపోతే 47వ రోజున మరీ ఆదమరిచి దొరికిపోతాడు, గెలుపు చవకైపోతుంది. వాడు లెక్క కట్టుకోగలడు కదా: వకుళ ఓడ తప్పించుకుందన్న కబురు వాడికి అభిజిత్ నుంచి 17.2వ రోజున చేరొచ్చు, అది భూమికి పోయి ఉంటే సాయం ఎప్పుడు వస్తుందో వేళ్ల మీద లెక్క పెట్టుకోవచ్చు. వాడి దగ్గరా నా షీటే ఉన్నట్టు. వాడికి తెలియనిది ఒక్కటే, భూమి తయారీకి ఎన్ని రోజులు తీసుకుంటుందో.

బావకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "ఆ మూడు దినాల తయారీ ఏముంటాది అసలు? రెండున్నర చేస్తే పోలా, ఏడు గంటల టెన్షన్ ఎందుకు?" అన్నాడు. ఆ మూడు రోజుల్లో ఏం జరుగుతుందో నేను ఇంతవరకు ఒక్క వాక్యం కూడా రాయలేదు. రేపు రాత్రి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.